శాంపిల్ కలపగానే pH ఎగబాకుతోందా? మీటర్‌ని తిట్టకండి

సమస్య: కనిగిరి వైపు బోరు నీళ్లలో ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ కొలిచేవాళ్లకి ఎదురయ్యే తలనొప్పి ఇది. సీసాలో అసిటేట్ బఫర్ చక్కగా 5.5 చూపిస్తుంది, అందులో సగానికి సగం శాంపిల్ కలిపితే 6 దాటేస్తుంది. వెంటనే మీటర్ మీద అనుమానమొచ్చి కాలిబ్రేషన్ మళ్లీ మొదలుపెడతారు.

కారణం: బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, అది బఫర్‌లోని యాసిడ్‌ని తినేస్తుంది. లెక్క చూద్దాం. నీటి ఆల్కలినిటీ లీటరుకి 400 మి.గ్రా. (కాల్షియం కార్బొనేట్‌గా) అనుకుంటే 50 మి.లీ.లో 0.4 మిల్లీమోల్ క్షారం ఉన్నట్టు. మీ బఫర్ 0.02 మోలార్ అయితే 50 మి.లీ.లో మొత్తం 1 మిల్లీమోలే, పైగా pH 5.5 దగ్గర అందులో 0.85 అసిటేట్, ఎసిటిక్ యాసిడ్ 0.15 మాత్రమే. వచ్చింది 0.4, ఎదుర్కొనేది 0.15, ఇంకేం ఆగుతుంది!

pH ని నడిపేది అసిటేట్‌కీ యాసిడ్‌కీ మధ్య నిష్పత్తి (r). రెండూ సమానంగా ఉంటే, అంటే pH = pKa (4.76) అయినప్పుడు, కాస్త క్షారం పడ్డా నిష్పత్తి పెద్దగా కదలదు. ఒకటి అడుగంటితే అదే క్షారానికి నిష్పత్తి ఎగిరిపోతుంది. β అంటే pH మారకుండా బఫర్ తట్టుకునే బలం, C అంటే బఫర్ మొత్తం గాఢత. సూత్రం ఇదీ:

```
β = 2.303 × C × r / (1 + r)²
```

r = 1 దగ్గర β = 0.576 C, అదే గరిష్ఠం. pKa నుంచి ఒక యూనిట్ దూరం పోతే మూడో వంతే మిగులుతుంది. C మాత్రం నేరుగా గుణకం. అందుకే బఫర్‌ని నీళ్లతో పల్చన చేస్తే pH దాదాపు అలాగే కనిపిస్తుంది గానీ బలం పోతుంది. మీటర్ దాన్ని చూపించదు.

ఏది తప్పో తేల్చుకోవడం: బఫర్‌ని రెండు బీకర్లలో తీసుకుని ఒకదానికి కొద్దిగా NaOH, ఇంకోదానికి అంతే HCl వేయండి. క్షారం వైపే ఎక్కువ దూకితే నిష్పత్తి ఒరిగిందని అర్థం, రెండు వైపులా సమానంగా ఊగితే C చాలట్లేదు. ఇక్కడ మనకి రెండూ ఉన్నాయి.

పరిష్కారం: ముందు C పెంచండి, ఎందుకంటే 0.02 దగ్గర pH 5.0 కి దించినా యాసిడ్ 0.37 మిల్లీమోలే, అదీ చాలదు. 0.2 మోలార్‌కి పెంచితే 5.5 బఫర్ 5.65 దగ్గర ఆగుతుంది, అదే 5.0 తో మొదలుపెడితే 5.08 దగ్గరే. ఫ్లోరైడ్ పనికి మామూలుగా వాడే బఫర్‌లో లీటరుకి 57 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్, అంటే దాదాపు 1 మోలార్ వేసి, NaOH తో 5 నుంచి 5.5 మధ్యకి తెస్తారు (బాగా వేడెక్కుతుంది, చల్లార్చుకుంటూ పోయండి). సరిగ్గా 4.76 కే తేవాలన్న పట్టుదల వద్దు, ఇంకా కిందికి జారితే ఫ్లోరైడ్‌లో కొంత HF గా మారి ఎలక్ట్రోడ్‌కి కనిపించదు. స్టాండర్డ్లని కూడా అదే బఫర్‌లో కలపాలి. చివరిగా, pH ని సీసాలో కాదు, శాంపిల్ కలిపి బాగా తిప్పి CO₂ పోయాక చూడండి.