కార్డులో ఉప్పు పక్కన కారం కొలత పడుతోందా? ముందు కింది వరుస చూడండి

సమస్య ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. అమ్మ నోట్‌బుక్‌లో రాసిపెట్టిన వంటను వర్డ్‌లో టైప్ చేసి, ఎడమవైపు సామాన్లు, కుడివైపు కొలతలు పెట్టి, చిన్న కార్డుగా తయారు చేస్తారు. ఇంట్లో స్క్రీన్ మీద అంతా సరిగ్గానే ఉంటుంది. జిరాక్స్ షాపులో ప్రింట్ తీసేసరికి కొలతలు ఒక వరుస పైకి జరిగి, ఒకదాని కొలత ఇంకోదాని పక్కన కూర్చుంటుంది. అక్షరాలు, డిజైన్ అన్నీ బాగానే ఉంటాయి కాబట్టి ఎవరూ గమనించరు.

అందుకే ప్రింట్ చేతికి రాగానే పైనుంచి చదవకండి, చిట్టచివరి సామాను చూడండి. దాని పక్కన కొలత లేకుండా ఖాళీగా ఉందంటే పైన ఎక్కడో జారింది. రెండు సెకన్ల పని ఇది, కానీ ఇది చేయకుండానే ఇరవై కాపీలు కొట్టించి పంచేస్తారు.

నేనూ అలాగే పంచాను. మా నల్గొండ వైపు తపాల చెక్క అంటాం, వేరేచోట్ల సర్వపిండి అంటారు, దాన్ని అమ్మ రాతలోంచి కార్డుగా చేశాను. అమ్మ రాసిన కొలతలు ఇవి: బియ్యప్పిండి 2 గ్లాసులు, నానబెట్టిన శనగపప్పు 3 చెంచాలు, పల్లీలు 4 చెంచాలు, ఉప్పు 1 చెంచా, కారం 2 చెంచాలు, నువ్వులు 3 చెంచాలు, ఎల్లిపాయలు 6 రెబ్బలు, కరివేపాకు 2 రెమ్మలు, నూనె తగినంత. కార్డు తీసుకుపోయిన నాలుగో రోజు మా చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, ఉప్పు రెండు చెంచాలేనా? అమ్మ ఒక్కటే వేస్తుండె గదా" అని. అప్పుడు కార్డు తీసి చూస్తే ఇలా ఉంది:

బియ్యప్పిండి – 2 గ్లాసులు
శనగపప్పు, గంట ముందు – 3 చెంచాలు
నానబెట్టింది – 4 చెంచాలు
పల్లీలు – 1 చెంచా
ఉప్పు – 2 చెంచాలు
కారం – 3 చెంచాలు
నువ్వులు – 6 రెబ్బలు
ఎల్లిపాయలు – 2 రెమ్మలు
కరివేపాకు – తగినంత
నూనె –

నువ్వులు ఆరు రెబ్బలు ఎక్కడైనా ఉంటాయా? కానీ వంట చేసేవాళ్లు అంత దూరం చదవరు, ఉప్పు దగ్గరికి రాగానే అక్కడున్న అంకె చూసి వేసేస్తారు. మా చెల్లెకు అమ్మ చెయ్యి గుర్తుంది కాబట్టి అడిగింది. కొత్తగా నేర్చుకునే పిల్లయితే రెండు చెంచాలూ వేసేసేది.

కారణం ఏమిటంటే, శనగపప్పు పక్కన "గంట ముందు నానబెట్టింది" అని రాయడం వల్ల ఆ పేరు పొడవైంది. నా కంప్యూటర్‌లో నేను వాడిన మండలి ఫాంట్‌లో అది ఒక్క వరుసలోనే పట్టింది. షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేదు. ఫాంట్ లేకపోతే వర్డ్ ఏమీ అడగదు, దానికి దొరికిన వేరే తెలుగు ఫాంట్ పెట్టుకుంటుంది, దాని అక్షరాల వెడల్పు వేరు. పేరు రెండు వరుసలైంది, కింద ఉన్న పేర్లన్నీ ఒక వరుస దిగాయి, కొలతలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఫాంట్ మారినా పేరు, కొలత కలిసే కదలాలి కదా, ఎందుకు విడిపోయాయి? నన్ను దెబ్బకొట్టింది ఇదే, ఇప్పటికీ ఎవరి ఫైల్ తెరిచినా ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. "టేబుల్‌లోనే పెట్టాను" అంటారు, నిజంగానే టేబుల్ ఉంటుంది కూడా. కానీ ఆ టేబుల్‌కు ఉన్నది ఒకే అడ్డవరుస, రెండు పెద్ద గడులు. ఎడమ గడిలో తొమ్మిది పేర్లూ ఎంటర్ కొట్టుకుంటూ కిందికి రాసి, కుడి గడిలో తొమ్మిది కొలతలూ అలాగే రాస్తారు. గీతలు కనబడకుండా తీసేస్తే అచ్చం తొమ్మిది వరుసల టేబుల్ లాగే ఉంటుంది. వర్డ్ లెక్కలో మాత్రం ఉప్పుకూ ఒక చెంచాకూ ఏ సంబంధమూ లేదు, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి, అంతే.

కనిపెట్టడం సులభం. పల్లీలు అన్న మాట మీద క్లిక్ చేసి Tab నొక్కండి. "4 చెంచాలు" ఒక్కటే సెలెక్ట్ అయితే మీ టేబుల్ మంచిది. కొలతల జాబితా మొత్తం ఒకేసారి సెలెక్ట్ అయిపోతే అదంతా ఒకే గడిలో ఉన్నట్టు. టేబుల్ లేకుండా రెండు టెక్స్ట్ బాక్సులు పక్కపక్కన పెట్టినా, Layout లోని Columns వాడినా రోగం ఇదే.

దీన్ని అతికించి బాగు చేయాలని చూడకండి. Insert > Table లో రెండు నిలువు వరుసలు, సామాన్లు ఎన్ని ఉంటే అన్ని అడ్డవరుసలు పెట్టి, కొత్తగా టైప్ చేయండి. తొమ్మిది సామాన్లకు ఐదు నిమిషాలు పట్టదు. స్క్రీన్ మీదున్న పాత జతలను చూసి మాత్రం టైప్ చేయొద్దు, వాటిలో ఏది ఎప్పుడు జారిందో మీకు తెలియదు. అమ్మ కాగితం పక్కన పెట్టుకుని, పేరు, Tab, కొలత, Tab అనుకుంటూ పోవాలి. తర్వాత టేబుల్ మీద రైట్ క్లిక్ చేసి Table Properties లో Options తెరిచి Automatically resize to fit contents టిక్ తీసేయండి, లేకపోతే పొడవాటి పేరు కొలతల వరుసను నొక్కేస్తుంది. Row లో Allow row to break across pages టిక్ కూడా తీసేయండి. ఇప్పుడు పేరు మూడు వరుసలైనా దాని కొలత దాన్ని వదలదు.

"పీడీఎఫ్ చేసి పంపితే సరిపోదా" అని చాలామంది అడుగుతారు. షాపుకు పీడీఎఫే పంపాలి, అందులో ఫాంట్ కూడా ఫైల్‌తో పాటే వెళ్తుంది కాబట్టి ఆ ఒక్క ప్రింట్ నిలబడుతుంది. కానీ వర్డ్ ఫైల్‌లోని తప్పు అలాగే ఉంటుంది. రేపు అత్తమ్మకు చిన్న అక్షరాలు కనబడటం లేదని సైజు 11 నుంచి 14 చేస్తారు, మళ్లీ ఏదో ఒక పేరు రెండు వరుసలవుతుంది, మళ్లీ జారుతుంది. ముందు టేబుల్, ఆ తర్వాతే పీడీఎఫ్.

కొలతలు వరుస మారకుండా అటూ ఇటూ వంకరగా మాత్రమే ఉంటే అది స్పేస్ బార్‌తో జరిపిన పని. దానికీ టేబులే మందు, అయితే చూడగానే తెలిసిపోతుంది కాబట్టి అంత ప్రమాదం లేదు.

ఒకటిన్నరను 1 1/2 అని కొట్టేటప్పుడు మధ్యలో ఖాళీ మర్చిపోతే 11/2 అవుతుంది, అందుకని నేను "ఒకటిన్నర" అని అక్షరాల్లోనే రాస్తాను. పాత రాతలో "చెం" అని ఉంటే అది చెంచానో చెంబో ఊహించకుండా ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తే అది యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టింది, యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసుకోండి. కార్డు చిన్నగా వస్తే ప్రింట్ ఇచ్చేటప్పుడు Fit బదులు Actual size పెట్టమనండి. ఏ4 కాగితం మీద ఏ6 కార్డులు నాలుగు వస్తాయి. ముందు ఒక్క కాగితమే తీయించి, ఒకరు అమ్మ రాసింది పైకి చదువుతుంటే ఇంకొకరు కార్డు మీద వేలు పెట్టి సరిచూశాకే మిగతావి కొట్టించండి.