టికెట్ రద్దయిందా? ముందు ఆ ఆరక్షరాలు వెతకండి

మొన్న మా పక్క గదిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు, పరీక్ష తేదీ మారిందని ఇంటికి వెళ్ళే విమానం టికెట్ రద్దు చేసుకున్నాడు. "నాన్ రీఫండబుల్ అన్నా, పోతే పోయింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తిరిగి రానిది ఛార్జీ. విమానాశ్రయ రుసుములూ, ప్రభుత్వ పన్నులూ విమానం ఎక్కినవాళ్ళ లెక్కన కట్టేవి. ఎక్కనే లేదు కదా! చాలా టికెట్లలో అడిగితే ఇస్తారు, అడగకపోతే ఊరుకుంటారు.

వాడి టికెట్ తెరిచి చూశాం. మొత్తం 100 వంతులనుకుంటే 62 ఛార్జీ, 20 వంతులు YQ, మిగతా 18 పన్నులూ రుసుములూ. YQ, YR అని కనిపించేవి పన్నుల వరసలో కూర్చున్నా, విమాన సంస్థ తనకోసం వేసుకునే సర్‌ఛార్జీలు. చాలాసార్లు అవి ఛార్జీతో పాటే పోతాయి. అంటే వాడు అడగాల్సింది ఆ 18. అందులోనూ రీఫండ్ రుసుమని కొంత కోసుకోవచ్చు.

ఇక నా గోల వినండి. వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే పన్నులు తిరిగి ఇమ్మని మెయిల్ రాశాను. ఒకటి కాదు, మూడు. మూడింటికీ ఒకటే జవాబు: అలాంటి బుకింగ్ లేదు. నేను పెట్టింది టికెట్ కొన్న వెబ్‌సైట్ ఆర్డర్ నంబర్! విమాన సంస్థకు కావలసింది దాని సొంత బుకింగ్ రిఫరెన్స్, అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తులు. అది దొరికేసరికి ప్రయాణం తేదీ దాటి, బుకింగ్ వాళ్ళ తెర మీద నుంచే పోయింది. చివరికి ఆదుకున్నది ఈ-టికెట్ నంబర్. 13 అంకెలుంటుంది, మొదటి మూడూ ఆ సంస్థ కోడ్. దయచేసి రెండూ పెట్టండి. ఎన్నిసార్లు చెప్పినా ఒకటే పెడతారు!

మెయిల్లో కథలొద్దు. సబ్జెక్ట్‌లోనే రిఫరెన్స్ ఉండాలి. లోపల ఇంత చాలు:

"బుకింగ్ రిఫరెన్స్ K7QX2M, ఈ-టికెట్ నంబర్ ఇది, ప్రయాణికుడి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇది. ఫలానా తేదీన, విమానం బయలుదేరక ముందే రద్దు చేశాను. వాడుకోని పన్నులూ రుసుములూ డబ్బు కట్టిన కార్డుకే తిరిగి జమ చేయండి. దేనికెంత వస్తుందో విడివిడిగా తెలపండి."

ఆ చివరి వాక్యం మాత్రం వదలొద్దు. విడివిడి లెక్క లేకపోతే ఏం కోశారో తెలియదు. రద్దయినట్టు వచ్చిన మెయిల్ జత చేయండి, లేకపోతే ఎక్కకుండా ఊరుకున్నారని అనుకుంటారు. ఏజెంట్ దగ్గర కొన్నవాళ్ళను సంస్థ చాలావరకు ఏజెంట్ దగ్గరికే తిప్పి పంపుతుంది, కాబట్టి ముందు అక్కడికే రాయండి.

సరే, అంత టెన్షన్ పడాల్సిన పని కాదులెండి. నాకు వారాలు పట్టింది గానీ వచ్చింది. వాడికి మర్నాడే కేస్ నంబర్ వచ్చింది. వాడు దాన్ని వదిలేసి కొత్త మెయిల్ రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, ఆ నంబర్ వచ్చిన మెయిల్ కిందే జవాబు రాయించాను.