స్విచ్‌లో నెట్ వస్తూ పోతూ ఉంటే: తప్పు కేబుల్‌దా, పోర్టుదా, అడాప్టర్‌దా?

ఏది పాడైందో వెతకడానికి ముందు, నెట్ ఎవరెవరికి ఒకేసారి పోతోందో చూడండి. ఒక కంప్యూటర్‌కు వెళ్లే కేబుల్ గానీ పోర్టు గానీ చెడితే ఆ ఒక్క కంప్యూటరే ఆగుతుంది. స్విచ్‌కు కరెంటు ఇచ్చే అడాప్టర్ బలహీనపడితే ఆ పెట్టెకు తగిలించినవన్నీ ఒకే క్షణంలో ఆగుతాయి. ఈ తేడా తెలియకపోతే కేబుళ్ల మీద కేబుళ్లు కొనడమే మిగులుతుంది.

పర్లాకిమిడిలో ఒక ఆన్‌లైన్ దరఖాస్తుల షాపులో జరిగింది ఇదే. రూటర్ నుంచి ఎనిమిది పోర్టుల స్విచ్‌కు లైన్, అక్కడి నుంచి కంప్యూటర్లు, ప్రింటర్, కెమెరాల రికార్డర్. సాయంత్రాలు బిల్లింగ్ కంప్యూటర్‌లో నెట్ పోయి, కాసేపటికి వచ్చేది. షాపాయన ముందు దాని కేబుల్ మార్చారు, తర్వాత పోర్టు మార్చారు, అయినా అదే వరస. అన్నిటికీ పోతోందని ఆయనకు తోచలేదు. ఎందుకంటే మిగతా కంప్యూటర్ల దగ్గర ఆ సమయానికి ఎవరూ కూర్చోరు.

మొదటి పరీక్ష: రెండు కంప్యూటర్లలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, రెండింటిలోనూ ఇది నడపండి. రూటర్ పలుకుతోందా అని ఇది ఆగకుండా అడుగుతూ ఉంటుంది. 192.168.1.1 ఉన్న చోట మీ రూటర్ చిరునామా పెట్టండి.

```
ping -t 192.168.1.1
```

ఇంకో విండోలో ప్రింటర్ చిరునామాకు కూడా ఇదే పెట్టండి. ఇప్పుడు నెట్ పోయినప్పుడు చూడండి. పింగ్ అన్నీ బాగానే నడుస్తూ వెబ్‌సైట్లు మాత్రం రాకపోతే, తప్పు బయటి లైన్‌లోనో రూటర్‌లోనో ఉంది, మీ కేబుళ్లను కదపకండి. ప్రింటర్ పలుకుతూ రూటర్ పలకకపోతే రూటర్‌నో, దాని అడాప్టర్‌నో, స్విచ్‌కీ రూటర్‌కీ మధ్య కేబుల్‌నో చూడాలి. రెండు కంప్యూటర్లలోనూ అన్నీ ఒకేసారి ఆగితే స్విచ్ అడాప్టర్ మీద అనుమానం పెట్టండి. పర్లాకిమిడి షాపులో ఇదే కనిపించింది. పైగా ఆ క్షణంలో స్విచ్ లైట్లన్నీ కలిసి ఆరి, కలిసి వెలిగాయి. అంటే స్విచ్ తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది.

సాయంత్రమే ఎందుకు? ఇంటి కరెంటు వోల్టేజ్ కాస్త తగ్గినా మంచి అడాప్టర్ తట్టుకుంటుంది, వాటి మీద 100-240 వోల్టులని రాసి ఉంటుంది కదా. కానీ ఏళ్ల తరబడి వేడిలో ఉంటే లోపలి కెపాసిటర్లు ఎండిపోతాయి. అప్పుడు సాయంత్రాలు లైన్ వోల్టేజ్ తగ్గినా, ఎక్కువ పోర్టులు వాడినా అది నిలబడలేదు.

మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, అడాప్టర్‌ను ఊడదీసి కొలవడం. ఖాళీగా ఉంటే పాత అడాప్టర్ కూడా పూర్తి వోల్టేజే చూపిస్తుంది. కెమెరాలు బిగించేవాళ్ల దగ్గర స్క్రూలతో బిగించే డీసీ పిన్ జత దొరుకుతుంది. దాన్ని మధ్యలో పెట్టి, స్విచ్ నడుస్తుండగానే కొలవండి. ఈ షాపు అడాప్టర్ 12 వోల్టులది. విడిగా 12.1 చూపించింది, కేబుళ్లన్నీ తగిలించాక 10.6కు పడిపోయింది. 11.4 కంటే దిగువకు వెళ్తే నేనైతే మార్చేస్తాను. మీటర్ సరిగా చూపించినా అనుమానం పూర్తిగా పోదు, క్షణకాలం పడే వోల్టేజ్‌ను మామూలు మీటర్ పట్టుకోలేదు. అందుకే మంచి అడాప్టర్‌ను ఒక రోజు అరువు తెచ్చి పెట్టి చూడటం ఇంకా నమ్మకమైన పరీక్ష. వోల్టేజ్, పిన్ ప్లస్-మైనస్ గుర్తు అచ్చంగా కలవాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. 5 వోల్టుల స్విచ్‌లోకి 12 వోల్టుల పిన్ కూడా దూరిపోతుంది, స్విచ్ కాలిపోతుంది, జాగ్రత్త.

ఒక్క కంప్యూటరే ఆగుతుంటే, రెండో పరీక్ష. దాని కేబుల్‌ను స్విచ్ వైపు మాత్రమే తీసి, బాగా పనిచేస్తున్న ఇంకో పోర్టులో పెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండూ కలిపి మారిస్తే ఏది తప్పో తేలదు. కొత్త పోర్టులోనూ పోతుంటే పాత పోర్టు తప్పు లేదు. అప్పుడు కేబుల్ మార్చండి. అయినా పోతుంటే కంప్యూటర్ ల్యాన్ పోర్టును చూడండి.

కేబుల్ తప్పయితే సాధారణంగా చేతికి తెలుస్తుంది. క్లిప్ విరిగి, కనెక్టర్‌ను మెల్లగా కదిపితే లైట్ ఆరుతూ వెలుగుతుంది. ఇంకో గుర్తు స్పీడ్. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు. రెండు వైపులా గిగాబిట్ ఉన్నా పవర్‌షెల్‌లో `Get-NetAdapter` కొడితే `100 Mbps` వస్తుంటే, ఏదో తీగ పట్టు తప్పినట్టే. చాలాసార్లు కనెక్టర్ కోసి మళ్లీ క్రింప్ చేయిస్తే సరిపోతుంది, కొత్త కేబుల్ అక్కర్లేదు.

కొత్త కేబుల్ పెట్టినా అదే పోర్టులో పోయి, పక్క పోర్టులో నిలిస్తే పోర్టే చెడింది. టార్చ్ వేసి లోపల పిన్నులు వంగాయా, పచ్చగా తుప్పు పట్టాయా చూడండి. పిడుగులు పడిన తర్వాత పక్కపక్క పోర్టులు కలిసి పోయాయంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ భాగమో చిప్పో దెబ్బతిని ఉండవచ్చు, చవక స్విచ్‌కు ఆ రిపేరు గిట్టదు. ఒక్కటే పోర్టు పోయి మిగతావి రోజుల తరబడి నిలకడగా ఉంటే, ఎవరూ మళ్లీ అందులో కేబుల్ పెట్టకుండా టేపు అంటించి, ఆ స్విచ్‌నే వాడుకోండి.