పున్నెట్ చదరంలో 9:3:3:1 రాలేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఉదాహరణకి బఠాణీనే తీసుకుందాం. R గుండ్రని విత్తనం, r ముడతలు పడినది. Y పసుపు, y ఆకుపచ్చ. పెద్ద అక్షరాలు బహిర్గతం. RrYy మొక్కని RrYy మొక్కతో సంకరణం చేశాం. గుండ్రని పసుపు 9, గుండ్రని ఆకుపచ్చ 3, ముడతల పసుపు 3, ముడతల ఆకుపచ్చ 1 రావాలి.

సమస్య: 12:4 వచ్చింది, రెండే రకాల విత్తనాలు కనిపిస్తున్నాయి

చదరం పైవరుస చూడండి. అక్కడ RY, RY, ry, ry అని ఉంటుంది. తాతల తరం RRYY, rryy కాబట్టి R వెంట Y, r వెంట y పోతాయని అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. రెండు జన్యువులూ స్వతంత్రంగా విడిపోతాయి కాబట్టి R తో y కూడా వెళ్లొచ్చు.

R రాసి దాని పక్కన ముందు Y, తర్వాత y పెట్టండి. r కి కూడా అలాగే చేయండి. RY, Ry, rY, ry అనే నాలుగు సంయోగబీజాలు వస్తాయి. ప్రతి దాంట్లో రెండు అక్షరాలే ఉండాలి, ఒక్కో జన్యువు నుంచి ఒక్కటే. Rr అనో Yy అనో పైన కనిపిస్తే గడులు నింపడం అనవసరం, అక్కడే ఆగి సరిచేయండి.

సమస్య: 16 గడులూ ఉన్నాయి, లెక్క మాత్రం 8:4:3:1

ఇది గడుల్లో జరిగే తప్పు. అన్నీ మళ్లీ మొదటి నుంచి నింపడం చాలామంది చేసే పని. నాకైతే అది దండగ అనిపిస్తుంది, ఎందుకంటే అదే కంగారులో అదే తప్పు మళ్లీ పడుతుంది. బదులుగా ఒక్కో లక్షణాన్ని విడిగా లెక్కపెట్టండి. గుండ్రనివి 8+4=12, ముడతలవి 3+1=4. అది 3:1, అంటే ఆకారం బాగానే ఉంది. ఇప్పుడు రంగు: పసుపు 8+3=11, ఆకుపచ్చ 4+1=5. ఇక్కడ 12, 4 రావాలి. కాబట్టి తప్పు R దగ్గర లేదు, ఏదో ఒక గడిలో Y బదులు y రాశాం.

ఏ గడి? పైవరుసలోనూ ఎడమ నిలువు వరుసలోనూ సంయోగబీజాల్ని ఒకే క్రమంలో (RY, Ry, rY, ry) రాసి ఉంటే రెండు కర్ణాలూ సాక్ష్యం చెబుతాయి. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు వెళ్తే RRYY, RRyy, rrYY, rryy వరసగా రావాలి. రెండో కర్ణంలో నాలుగు గడులూ RrYy మాత్రమే. అక్కడ ఒకచోట Rryy కనిపించిందంటే దొంగ దొరికినట్టే. కర్ణాలు రెండూ సరిగ్గా ఉంటే మిగతా గడుల్ని పై అక్షరాలతో పోల్చండి. ఉదాహరణకి RY కింద ఉన్న నాలుగు గడుల్లోనూ R, Y రెండూ తప్పనిసరిగా ఉండాలి.

సమస్య: చదరం సరిగ్గానే ఉంది, 9:3:3:1 మాత్రం రావట్లేదు

ప్రశ్న మళ్లీ చదవండి. అది RrYy × Rryy కావచ్చు. రెండో మొక్క నుంచి Ry, ry అనే రెండే సంయోగబీజాలు వస్తాయి, కాబట్టి గడులు 8. గుండ్రని పసుపు 3, గుండ్రని ఆకుపచ్చ 3, ముడతల పసుపు 1, ముడతల ఆకుపచ్చ 1. జవాబు 3:3:1:1. సరిచూడాలంటే Rr × Rr లో 3:1, Yy × yy లో 1:1, రెండింటినీ గుణించండి. ద్విసంకర సంకరణం అన్న మాట కనబడగానే 9:3:3:1 రాసేసే అలవాటు పరీక్షలో మార్కులు పోగొడుతుంది.

సమస్య: నిష్పత్తి సరైనదే, అయినా జవాబు తప్పన్నారు

బహుశా 1:2:1:2:4:2:1:2:1 రాసుంటారు. అది తొమ్మిది జన్యురూపాల నిష్పత్తి. అడిగింది దృశ్యరూపం, అంటే కంటికి కనిపించేది. RRYY, RrYy రెండూ గుండ్రని పసుపే. అంకెల పక్కన ఏ అంకె ఏ రకానిదో కూడా రాయండి, లేకపోతే రెండు 3 లలో ఏది ఏదో తెలియదు.

ఇంకో మాట. ఇది ఆశించే నిష్పత్తి మాత్రమే, 16 విత్తనాలు తీస్తే కచ్చితంగా 9 రావాలని కాదు. మెండెల్ 556 విత్తనాలు లెక్కపెడితే 315, 108, 101, 32 వచ్చాయి. లెక్క ప్రకారం దాదాపు 313, 104, 104, 35 రావాలి. ఆ మాత్రం తేడా మామూలే.

కానీ వందల విత్తనాల్లో కూడా ఫలితం 12:4 వైపే ఒరిగితే తప్పు చదరంలో లేదు. ఆ రెండు జన్యువులూ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉండి, నిజంగానే కలిసి ప్రయాణిస్తున్నాయేమో చూడాలి. మొదట తప్పు అని కొట్టేసిన RY, RY, ry, ry అక్కడ దాదాపు నిజమవుతుంది.