చర్మం చదువుదాం – 4వ పాఠం: గోడకు కొట్టిన పిడక, అరికాలి మచ్చ

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఇంట్లో 40 దాటినవాళ్ల మెడ, వీపు పగటి వెలుతురులో చూసి, ఏం కనబడిందో రాసి పెట్టుకోమన్నాను. చేసినవాళ్లలో చాలామంది ఒకే మాట రాసి ఉంటారు: పులిపిర్లు. మన దగ్గర చర్మం మీద లేచిన ప్రతిదాన్నీ అలాగే పిలుస్తాం. ఈ పాఠంలో ఆ ఒక్క పేరు కింద దాక్కున్నవాటిని విడదీయడం నేర్చుకుందాం. దానికి హనుమకొండలో నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మ వీపూ, మెడా, కాలూ మనకు పుస్తకం.

ఆమెకు 62 ఏళ్లు. పరకాల వైపు ఊరు. మిర్చి ఏరుడు పనులు అయిపోయాక కోడలు వెంటబెట్టుకుని వచ్చింది. "సార్, వీపు మీద పులిపిరికాయ నల్లగైంది. పక్కింటామె చూసి క్యాన్సరేమో అన్నది. అప్పటిసంది అత్తమ్మ సరిగ్గ తింటలేదు" అని కోడలు చెప్పింది. పెద్దమ్మ మాత్రం "ఏం లేదు సారూ, జాకెట్ అంచు తగిలినప్పుడు దురద పెడ్తది, అంతే" అంది.

చూడటానికి ముందు చర్మం మీద నూనె, పసుపు తుడవాలి. కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. తర్వాత ఫోన్ టార్చ్‌ను ఎదురుగా కాకుండా పక్క నుంచి, చర్మానికి దాదాపు ఆనించి వెయ్యాలి. అప్పుడు లేచిన వస్తువుకు నీడ పడుతుంది. ఆ నీడే సగం సంగతి చెబుతుంది.

ముందు మెడ. ఎనిమిది చిన్న కాయలు, చర్మం రంగులో కొన్ని, కాస్త నల్లగా కొన్ని. పెద్దది కిస్మిస్ అంత. వేలితో కదిపితే అటూ ఇటూ ఊగింది. కింద సన్నటి తొడిమ ఉంది. మెత్తన, నొప్పి లేదు. తొడిమ, మెత్తదనం, ఊగడం, ఈ మూడూ కలిస్తే అది స్కిన్ ట్యాగ్. మెడ, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, కనురెప్పల మీద, అంటే చర్మం చర్మానికో బట్టకో రాసుకునే చోట్ల ఇవి వస్తాయి. ఇవి అంటవు. అంటేవి వైరస్ పులిపిర్లు. అవి గరుకుగా ఉంటాయి, చేతివేళ్ల మీదా కాళ్ల మీదా ఎక్కువ.

ఒక్కోసారి ట్యాగ్ తొడిమ దగ్గర మెలి తిరుగుతుంది. రక్తం అందక రాత్రికి రాత్రే నల్లబడి నొప్పి పెడుతుంది, కొన్ని రోజులకు ఎండి రాలిపోతుంది. చూసినవాళ్లకు గుండె జారుతుంది గానీ ప్రమాదం కాదు. అయితే ఈమె మెడ వెనక మడతలు నల్లగా, మందంగా, మఖ్‌మల్ గుడ్డలా ఉన్నాయి. ఎంత రుద్దినా పోని ఆ నలుపూ, గుంపుగా ట్యాగ్‌లూ కలిసి కనబడితే నేను కత్తెర తీసేముందు షుగర్ పరీక్ష రాస్తాను. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయనప్పుడు ఈ రెండూ జతగా వస్తుంటాయి. పెద్దమ్మకు పరగడుపు షుగర్ 148 వచ్చింది. మళ్లీ చేయించినా షుగర్ జబ్బుకు హద్దయిన 126 దాటే ఉంది. షుగర్ ఉందని ఆమెకు మెడ చూశాకే తెలిసింది.

ఇప్పుడు వీపు. ముదురు గోధుమ రంగు మచ్చ, స్కేలు పెడితే 14 మిల్లీమీటర్లు. టార్చ్ పక్క నుంచి వేస్తే అంచు చుట్టూ నీడ గీత గీసినట్టు పడింది. మన పల్లెల్లో గోడకు కొట్టిన పిడక చూశారు కదా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్పష్టంగా తెలుస్తుంది, గోరు పెట్టి లేపొచ్చు అనిపిస్తుంది. ఇదీ అంతే. పైన జిడ్డుగా, గరుకుగా, చిన్న పగుళ్లతో ఉంది. భూతద్దం పెడితే లోపల రవ్వ గింజల్లా తెల్లటి చుక్కలు, మధ్యమధ్య నల్లటి సన్నని రంధ్రాలు. ఇవి చర్మం పై పొరలోని కెరటిన్ అనే గట్టి పదార్థం ఇరుక్కుని ముద్దకట్టినవి. దీని పేరు సెబోరిక్ కెరటోసిస్. ఓపీలో ఎస్‌కే అంటాం.

ఎస్‌కే వయసుతో వచ్చేది. 40 దాటాక మొదలై, ఏటా ఒకటో రెండో చేరుతుంటాయి. వేళ్లు లోపలికి దిగవు, పై పొరలోనే ఉంటుంది. అది క్యాన్సర్‌గా మారదు. మనవాళ్ల బుగ్గల మీద, కణతల దగ్గర మిరియపు గింజ కన్నా చిన్నగా నల్లటి చుక్కలు లేస్తాయే, డీపీఎన్ అంటారు, అవీ ఈ కుటుంబమే. పెద్దమ్మకు అవీ ఉన్నాయి, వాళ్లమ్మకూ ఉండేవట. నెలల వ్యవధిలో ఒళ్లంతా గుప్పున డజన్ల కొద్దీ ఎస్‌కేలు పుట్టి, తోడు బరువు తగ్గుతుంటే మాత్రం కడుపు, ఊపిరితిత్తులు పరీక్ష చేయించాలి. అది అరుదు.

ఇంతవరకూ కోడలి ముఖం తేటపడింది. లేవబోతుంటే నేను చెప్పులు విప్పమన్నాను.

ఇది ఈ పాఠంలో అసలు మెట్టు. ఎస్‌కే అరిచేతుల్లో, అరికాళ్లలో రాదు. కాబట్టి పిడక గుర్తు అక్కడ పనికిరాదు. అరికాలి మీద కొత్తగా నల్లమచ్చ కనబడితే "అదీ వయసు మచ్చే" అనుకోవడానికి వీల్లేదు. ముదురు రంగు చర్మం ఉన్న మనవాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చేది అరుదే గానీ, వస్తే ఎక్కువగా వచ్చే చోట్లు అరికాలు, అరిచెయ్యి, గోరు అడుగు. తెల్లవాళ్ల కోసం రాసిన కరపత్రాల్లో వీపూ కాళ్లూ చూసుకోమంటారు. అవి చదివి మనం అరికాలు వదిలేస్తాం.

పెద్దమ్మ ఎడమ మడమ మీద మచ్చ ఉంది. "తుమ్మముల్లు గుచ్చుకున్న మచ్చ సారూ, రెండేండ్లయింది" అంది. ముల్లు మచ్చ రెండేళ్లలో మానాలి లేదా అలాగే ఉండాలి. పెరగకూడదు. కోడలిని అడిగితే "మొదలు కందిగింజంత ఉండె, ఇప్పుడు రూపాయి బిళ్లకు కొంచెం తక్కువుంది" అంది. మచ్చ సగానికి గీత గీసినట్టు ఊహించి చూస్తే రెండు సగాలకూ పోలిక లేదు. ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమ, నడుమ బూడిద రంగు. అంచు ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు, నీళ్లలో పడ్డ ఇంకు చుక్కలా చర్మంలోకి కరిగిపోయింది. పక్క నుంచి టార్చ్ వేస్తే నీడే లేదు.

చర్మాన్ని వెలుగుతో పెద్దదిగా చూపే డెర్మటోస్కోప్ పెట్టాను. అరికాలి చర్మం దున్నిన చేను లాంటిది: గట్లూ, సాళ్లూ. మామూలు పుట్టుమచ్చలో రంగు ఎక్కువగా సాళ్ల వెంట ఉంటుంది. మెలనోమాలో గట్ల వెంట పరుచుకుంటుంది. ఈమెకు రంగు గట్ల మీద ఉంది. ఇది ఇంట్లో భూతద్దంతో తేల్చేది కాదు, ప్రయత్నించొద్దు. మీ పని పెరుగుదల, రెండు సగాల తేడా, రంగుల కలగలుపు, కరిగిన అంచు చూసి డాక్టర్ దగ్గరికి పోవడం వరకే. మానని పుండు, ఊరికే రక్తం కారేది, ముక్కు మీద ముత్యంలా మెరుస్తూ మధ్యలో గుంట పడే నల్లటి కాయ, పాత కాలిన మచ్చలో లేచే కండ, ఇవీ అదే వరుసలోకి వస్తాయి.

మడమ మచ్చను నేను కాల్చలేదు, చలితో గడ్డకట్టించలేదు. ముక్క తీసి బయాప్సీకి పంపాను. ఇందులో నాకు పాత దెబ్బ ఉంది. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకాయన ముక్కు పక్కన నల్లటి కాయను ఎస్‌కే అనుకుని కాటరీతో కాల్చేశాను. ఏడాదిన్నరకు అదే చోట పుండుతో తిరిగొచ్చాడు. బయాప్సీలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. నేను మొదటే ముక్క పంపి ఉంటే చిన్న కోతతో పోయేది. కాల్చినదాంట్లో ల్యాబుకు పంపడానికి బూడిద తప్ప ఏం మిగలదు. అప్పటి నుంచి, రంగు ఉండి, గుర్తు నూటికి నూరు కుదరని దాన్ని నేను కాల్చను.

ఇక తీయించుకోవడం. మెడ ట్యాగ్‌లకు సన్నటి కత్తెర చాలు. చిన్నవాటికి మత్తు క్రీము రాసి పైన ప్లాస్టిక్ కవర్ గంటసేపు, పెద్దదానికి సూది. తొడిమ దగ్గర కత్తిరించి, రెండు నిమిషాలు ఒత్తి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. రేడియోఫ్రీక్వెన్సీతో కూడా తీస్తారు. ఈ పద్ధతికి ముందు గుండెకు పేస్‌మేకర్ ఉంటే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఏ పద్ధతికైనా చెప్పాలి. పెద్దమ్మకు షుగర్ అదుపులోకి వచ్చాక ఎనిమిదీ ఒకే పూట తీశాను. "కోస్తే ఇంకా మొలుస్తయట గద" అని అడిగింది. మొలవవు. కొత్తవి వస్తే అవి రావాల్సినవే, కోత నుంచి పుట్టినవి కావు.

ఎస్‌కేను ఏమీ చేయకపోయినా నష్టం లేదు. ఆమెది బట్టకు తగిలి దురద పెడుతోంది కాబట్టి తీశాను. లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించొచ్చు, అది మైనస్ 196 డిగ్రీల చలి. కానీ చర్మానికి రంగిచ్చే కణాలు చలికి అన్నిటికన్నా ముందు చచ్చిపోతాయి. మన ఒంటి రంగు మీద తెల్లటి బిళ్లలు మిగులుతాయి, కొన్ని ఏళ్ల తరబడి పోవు. ముఖం మీద నేనైతే అది వాడను. వీపు మీదది మత్తు సూది ఇచ్చి, క్యూరెట్ అనే గీకే పరికరంతో గీకాను. పై పొరలోనే ఉంటుంది కాబట్టి మామిడితాండ్ర ఊడినట్టు లేచి వచ్చింది. గీకిన ముక్కనూ ల్యాబుకు పంపాను. పొక్కు పది రోజుల్లో రాలింది. అక్కడ కొన్ని నెలలు నలుపు ఉంటుందని ముందే చెప్పాను. ఛాతీ, భుజాల మీద పాత గాయాలు ఉబ్బి కీలాయిడ్‌గా మారినవాళ్లు ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ఇంటి వైద్యాల్లో నేను ఎక్కువగా చూసే గాయాలు రెండు. ఒకటి సున్నం, సోడా కలిపి పెట్టడం. రెండోది నల్లజీడి. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే ఆ గింజ రసం చర్మాన్ని పొక్కులెక్కించి కాలుస్తుంది. ఒకసారి కనురెప్ప ట్యాగ్ కోసం వేసుకుని రెండు కళ్లూ వాచిన మనిషి వచ్చాడు. గుర్రపు వెంట్రుకో దారమో కట్టడం వీటంత చెడ్డది కాదు గానీ, గట్టిగా బిగియకపోతే కాయ వాచి చీము పడుతుంది. అసలు ఇబ్బంది ఇంకొకటి. కట్టేది ట్యాగేనని ఎవరు తేల్చారు?

మడమ బయాప్సీ పది రోజులకు వచ్చింది. మెలనోమా, లోతు 0.6 మిల్లీమీటర్లు. మెలనోమాలో లోతే లెక్క, ఒక మిల్లీమీటరు లోపు అంటే ముందే దొరికినట్టు. హైదరాబాద్ పంపాను. చుట్టూ ఒక సెంటీమీటరు మంచి చర్మంతో సహా తీసి, తొడ చర్మం అతికించారు. మూడు నెలల తర్వాత కర్ర పట్టుకుని వచ్చింది. మెడ చూపించి "ఇది నున్నగైంది సారూ, గొలుసు ఇప్పుడు చిక్కుకుంటలేదు" అంది.

వచ్చే పాఠానికి పని: ఇంట్లో అందరి అరికాళ్లు, కాలివేళ్ల సందులు, ఇరవై గోళ్లు చూడండి. మెహందీ, గోళ్ల రంగు ఉంటే తీయించి చూడండి. మచ్చ ఉంటే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీ రాయండి. గోరులో పొడవునా నల్లగీత ఉంటే అది ఎంత వెడల్పో, గోరు మొదట్లోని చర్మం మీదికి పాకిందో లేదో నోట్ చేసుకోండి. 5వ పాఠం ఆ గీతతోనే మొదలవుతుంది.