ఫ్లష్ ట్యాంక్ దానంతటదే నిండుతోందా? సీల్ చూడండి

కొత్త దేశంలో అద్దె ఇంట్లో దిగాక, రాత్రి ఇల్లంతా సద్దుమణిగినప్పుడు బాత్‌రూమ్‌లోంచి కాసేపు 'సుయ్' మని నీళ్లు పడే చప్పుడు వినిపించవచ్చు. ఎవరూ ఫ్లష్ చేయలేదు. అయినా ట్యాంక్ నిండి ఆగుతుంది, పావుగంటకో అరగంటకో మళ్లీ అదే చప్పుడు. చాలామంది దీన్ని పైపుల చప్పుడనుకుని వదిలేస్తారు. నీటికి మీటరు ఉన్న ఇంట్లో అయితే అది నేరుగా బిల్లులోకి చేరుతుంది.

ట్యాంక్‌లో రెండు వాల్వులు ఉంటాయి. నీళ్లు లోపలికి వదిలేది ఫిల్ వాల్వ్. దానికో ఫ్లోట్ ఉంటుంది, నీటిమట్టంతో పాటు లేచి నీటిని ఆపేస్తుంది. నీళ్లు కమోడ్‌లోకి వదిలేది ఫ్లష్ వాల్వ్. అది ట్యాంక్ మధ్యలో నిలబడి ఉంటుంది. దాని అడుగున ఉండే మెత్తని రబ్బరు లేదా సిలికోన్ రింగే సీల్. ఆ సీల్ అరిగినా, గట్టిపడినా, దాని కింద మురికి చేరినా నీరు సన్నగా కమోడ్‌లోకి జారుతూనే ఉంటుంది. మట్టం కొద్దిగా తగ్గగానే ఫ్లోట్ దిగి, ఫిల్ వాల్వ్ తెరుచుకుంటుంది. మీకు వినిపించే చప్పుడు అదే.

ఆగి ఆగి నిండుతుంటే తప్పు చాలావరకు సీల్‌దే. ఆగకుండా నీళ్లు పడుతూ, మట్టం, ఎక్కువైన నీటిని కమోడ్‌లోకి వదిలే ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాటి లోపలికి పోతుంటే మాత్రం తప్పు ఫిల్ వాల్వ్‌ది. అప్పుడు సీల్ మార్చినా లాభం లేదు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే డబ్బూ, సెలవు రోజూ రెండూ వృథా.

తేల్చుకోవడం సులువే. ట్యాంక్‌కు వచ్చే సన్నని పైపు మీద చిన్న వాల్వ్ ఉంటుంది. కొన్నింటికి తిప్పే పిడి ఉంటుంది, దాన్ని కుడివైపుకి తిప్పి కట్టేయాలి. కొన్నింటికి స్క్రూ గాడి మాత్రమే ఉంటుంది. ఆ గాడి పైపు పొడవునా ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా తిప్పితే మూసినట్టు. మూశాక లోపల నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగండి. మట్టం గీత కిందికి దిగితే సీల్ కారుతున్నట్టే. నమ్మకం కుదరకపోతే ట్యాంక్‌లో కొంచెం ఫుడ్ కలర్ వేసి చూడండి. ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లో రంగు కనిపిస్తే ఇక సందేహమే లేదు.

ఉదాహరణకు ట్యాంక్ లోపల 35 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. అరగంటలో మట్టం 2 సెంటీమీటర్లు దిగింది. అంటే 35 × 15 × 2 = 1050 ఘన సెంటీమీటర్లు, సుమారు ఒక లీటరు. అరగంటకు లీటరంటే రోజుకు దాదాపు 50 లీటర్లు, నెలకు 1500 లీటర్లు. కమోడ్ గోడ మీద జారే నీరు కంటికి సరిగా ఆనదు కూడా.

సీల్ కొనేముందు ఇంకొకటి చూడండి. మూతమీద రెండు బటన్లు ఉండే రకాల్లో, ఒక్కోసారి బటన్ కింది కడ్డీలు పొడవు ఎక్కువై వాల్వ్‌ను ఎప్పుడూ కాస్త నొక్కి పట్టుకుని ఉంటాయి. సీల్ బాగానే ఉన్నా నీరు కారుతుంది. మూత తీసి పక్కన పెట్టి పై పరీక్ష మళ్లీ చేయండి. ఇప్పుడు మట్టం నిలిస్తే కడ్డీలను కొంచెం కురచ చేస్తే చాలు, సీల్ అక్కర్లేదు.

అద్దె ఇల్లయితే పని మొదలుపెట్టే ముందు ఓనర్‌కో ఏజెంట్‌కో రాతపూర్వకంగా చెప్పండి, వీలైతే గీత పెట్టిన ఫొటోతో. చాలా ఒప్పందాల్లో ఇలాంటి రిపేరు వాళ్ల బాధ్యతే. ట్యాంక్ గోడ లోపల దాగి ఉంటే మీరు చేయి పెట్టకపోవడమే మంచిది.

బయటికి కనిపించే ట్యాంక్‌లో, బటన్ ఉన్న రకానికి పని ఇలా ఉంటుంది. నీళ్లు కట్టేసి ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంక్ ఖాళీ చేయండి. బటన్ చుట్టూ ఉన్న రింగును ఎడమకు తిప్పితే ఊడుతుంది, తర్వాత మూతను నిటారుగా పైకి లేపండి. మూత పింగాణీది, జారితే పగులుతుంది. నేల మీద తువ్వాలు పరిచి దానిపై పెట్టండి. చాలా వాల్వులు పావు చుట్టు ఎడమకు తిప్పితే అడుగు భాగం నుంచి విడిపోతాయి. రాకపోతే బలవంతం చేయకుండా పక్కన క్లిప్పులున్నాయేమో చూడండి.

చేతికి వచ్చిన వాల్వ్‌ను తలకిందులు చేస్తే సీల్ కనిపిస్తుంది. తీసే ముందు అది ఏ వైపు కూర్చుందో ఫొటో తీసుకోండి, ఎందుకంటే కొన్ని సీళ్లకు ఒక అంచు వాలుగా ఉంటుంది, తిరగేస్తే ఆనదు. వేలికి నల్ల మసి అంటుకుంటే, లేదా అంచు మీద వలయంలా లోతైన అచ్చు పడి ఉంటే మార్చాల్సిందే. పాత సీల్‌ను షాపుకు తీసుకెళ్లడం అన్నిటికన్నా మంచిది. నీటిలో నాని రబ్బరు ఉబ్బి ఉండవచ్చు, కాబట్టి కొలత ఒక్కటే నమ్మకండి. వాల్వ్ ప్లాస్టిక్ మీద అచ్చువేసిన కంపెనీ పేరు, మోడల్ కూడా రాసుకోండి. షాపు మూసి ఉంటే, రెండువైపులా చదునుగా ఉన్న సీల్‌ను కడిగి తిరగేసి పెట్టినా తాత్కాలికంగా నడుస్తుంది.

కొత్తది పెట్టే ముందు సీల్ ఆనుకునే అంచును తప్పక శుభ్రం చేయాలి. కొత్త సీల్ వేసినా కారుతోందనేవాళ్లలో చాలామంది వదిలేసేది ఈ పనే. నీటిలో సున్నం ఎక్కువున్న ఊళ్లలో అక్కడ గరుకు పొర పేరుకుంటుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డను కాసేపు దానిపై ఉంచి మెత్తగా తుడవండి. కత్తితో గీకితే పడే గీతల్లోంచి నీరు కారుతుంది. సీల్‌కు వాసెలిన్ లాంటిది పూయకండి, అది రబ్బరును పాడు చేస్తుంది. ట్యాంక్‌లో వేసే బ్లీచ్ బిళ్లలూ అంతే, క్లోరిన్ రబ్బరును త్వరగా తినేస్తుంది.

సీల్ గాడిలో మడత లేకుండా కూర్చున్నాక వాల్వ్‌ను కుడికి తిప్పి బిగించండి. మెల్లగా పైకి లాగి చూస్తే కదలకూడదు. నీళ్లు తెరిచి నిండనివ్వండి. మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు రెండు మూడు సెంటీమీటర్లు కిందే ఆగాలి. తర్వాత పెన్సిల్ గీత పరీక్ష మళ్లీ చేయండి.

పక్కన హ్యాండిల్ ఉండి, లోపల గొలుసుతో లేచే రబ్బరు మూత ఉన్న రకమైతే పని ఇంకా చిన్నది. ఆ మూతను రెండు పక్కల కొక్కేల నుంచి తీసి అదే సైజుది పెట్టాలి. గొలుసు ఒక సెంటీమీటరు వదులుగా ఉంచండి. మరీ బిగిస్తే మూత పూర్తిగా ఆనదు, మరీ వదిలితే గొలుసే మూత కింద ఇరుక్కుంటుంది.

ఇన్ని చేసినా మట్టం దిగుతుంటే వాల్వ్ అడుగు భాగం ట్యాంక్‌కు బిగిసే చోట ఉన్న పెద్ద వాషర్ పోయి ఉండవచ్చు, లేదా వాల్వ్ ప్లాస్టిక్ పగిలి ఉండవచ్చు. ఆ వాషర్ మార్చాలంటే చాలా రకాల్లో ట్యాంక్ మొత్తాన్నే కమోడ్ మీదనుంచి విప్పి దించాలి. అక్కడితో ఆపి ప్లంబర్‌ను పిలవండి, వచ్చేదాకా వాడనప్పుడల్లా ఆ చిన్న వాల్వ్ కట్టేసి ఉంచండి.