సీసా బొమ్మ బాగుంది, లేబుల్ మీద తెలుగే చదవలేకపోతున్నాం: ఏం చేయాలి?

మా అత్తయ్య చేసే వెల్లుల్లి కారం అమ్మకానికి పెడదామని ఏఐతో సీసా బొమ్మ చేయించాను. సీసా, ఎర్రటి కారం, వెనక చెక్క బల్ల అన్నీ కుదిరాయి. లేబుల్ మీద మాత్రం తలకట్లు, సున్నాలు కలిపేసిన గీతలు పడ్డాయి.

సమస్య: తెలుగులా కనిపిస్తుంది, తెలుగు కాదు

బొమ్మ గీసే మోడల్ చాలాసార్లు అక్షరం ఆకారాన్ని అనుకరిస్తుందే గానీ గుణింతం చూసి రాయదు. ఎన్నిసార్లు మళ్లీ గీయించినా ఒక్కో అక్షరం ఒక్కోలా వస్తుంది. అందుకే లేబుల్ ఖాళీగా గీయించి, పేరు తర్వాత మనమే వేసుకోవడం మేలు. "అక్షరాలు వద్దు" అని రాస్తే ఒక్కోసారి ఆ మాటే అక్షరాలను పిలుస్తుంది. నేనైతే ఇలా అడుగుతాను: "ఏమీ అచ్చు వేయని, సాదా మీగడ రంగు కాగితం లేబుల్, సీసా ముందు వైపున, లేబుల్ మీద మెరుపు లేదు." కారం పేరు కూడా చెప్పను, అది లేబుల్ మీదికి ఎక్కుతుంది. వెల్లుల్లి ముక్కలు కలిసిన ఎర్రటి పొడి అని లోపలి సరుకునే వర్ణిస్తాను.

సమస్య: మనం టైప్ చేసినా ఒత్తులు విడిపోతున్నాయి

"వెల్‌లుల్‌లి" అని పొల్లులతో పడిందా? ముందు అదే పదాన్ని నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ సరిగా ఉంటే తప్పు మన టైపింగ్‌ది కాదు. ఫోటోషాప్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో `World-Ready Layout` ఎంచుకోండి. నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయాల్సిందే, లేదా కన్వర్టర్‌లో మార్చుకోవాలి.

సమస్య: దగ్గర నుంచి బాగుంది, ఫోన్‌లో ముద్దగా ఉంది

నేను ఎక్కువ సేపు తంటాలు పడ్డది ఇక్కడే. పేరు రెండు వరుసల్లో పెట్టాను. పైన "వెల్లుల్లి"లోని రెండు ల ఒత్తులు కిందికి దిగి, "కారం" తల మీద కూర్చున్నాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుస ఎడం మన ఒత్తులకు చాలదు. అక్షరం సైజు 60 అయితే లీడింగ్ 95 దాకా ఇచ్చాను, ఒత్తులకు ఊపిరి ఆడింది. ఫాంట్ కూడా మార్చాను. బాగా లావైన ఫాంట్‌లో సున్నా లోపలి ఖాళీ పూడిపోయి చుక్కలా మారుతుంది. నోటో సాన్స్ తెలుగు మధ్యస్థ మందంలో సరిపోయింది. చివరికి బొమ్మను బొటనవేలి గోరంత చేసి, అత్తయ్యకు కళ్లజోడు లేకుండా చూపించాను. ఆవిడ చదివాకే ఖాయం చేశాను.

సమస్య: అక్షరాలు అతికించినట్టున్నాయి

సీసా గుండ్రం, అక్షరాలు చదును. వార్ప్‌లో `Arc`ను కొద్దిగా వాడి లేబుల్ అంచు వంపుకు కలపండి. పేరును లేబుల్ మధ్య 60 శాతం వెడల్పులోనే ఉంచండి, అంచుల దగ్గర సీసా వెనక్కి తిరుగుతుంది కాబట్టి. నలుపు బదులు ముదురు గోధుమ రంగు, లేయర్‌కు `Multiply` పెడితే కాగితం మీది నీడ అక్షరాల్లోంచి కనిపిస్తుంది.